జరిగింది రాశారు, జవాబు ఏది?

‘వ్యాసం వర్ణనగానే ఉంది’ అన్న ఎగ్జామినర్ వ్యాఖ్యను తిరగరాతకు పనికొచ్చే ప్రణాళికగా మార్చుకోవడం ఎలా?

మార్కు 54. దాని కింద ఎగ్జామినర్ రాసిన నాలుగు వాక్యాలు: ‘బాగా చదివారు. స్పష్టంగా రాశారు. కానీ వ్యాసం చాలావరకు వర్ణనగానే ఉండిపోయింది. సంక్షోభం ఎలా జరిగిందో చెప్పారు గానీ, దానికి చెబుతున్న కారణాల్లో ఏది ఎంత బలమైనదో తేల్చలేదు.’

బ్రిటన్ యూనివర్సిటీల్లో మాస్టర్స్ చదివే మన పిల్లలకు మొదటి సెమిస్టర్ చివర్లో తరచూ ఎదురయ్యే వ్యాఖ్య ఇది. అక్కడ మాస్టర్స్‌లో సాధారణంగా 50 వస్తే పాస్, 60 దాటితే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్. 54 అంటే గట్టెక్కినట్టే. కానీ ఇరవై పుస్తకాలు తిరగేసి, తప్పుల్లేకుండా రాసినవాళ్లకు ఆ మార్కు మింగుడుపడదు. ‘అన్నీ రాశాను కదా, ఇంకేం కావాలి?’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. మన పరీక్షల్లో పాయింట్లకు మార్కులు పడతాయి. చరిత్ర, కారణాలు, ఫలితాలు, ముగింపు అని హెడ్డింగులు పెట్టి తెలిసిందంతా దించితే జవాబు నిండుగా ఉన్నట్టు లెక్క. అక్కడి ఎగ్జామినర్ విషయం తెలుసా లేదా అని చూసి ఆగడు, తెలిసిన విషయంతో ఏం తేల్చారో చూస్తాడు.

ఆ వ్యాఖ్యలో తిట్టు లేదు, పొగడ్తా లేదు. ఏం చేయాలో కూడా నేరుగా లేదు. దాన్ని ‘ఈ పేరా తీసెయ్, ఆ వాక్యం పైకి తీసుకురా, ఇక్కడ ఎదుటి వాదన చేర్చు’ అనే స్థాయికి దించుకోవలసింది విద్యార్థే. అది ఎలాగో ఒక వ్యాసాన్ని ముందు పెట్టుకుని చూద్దాం. ఈ వ్యాసం, దాని మార్కు, దాని మీది వ్యాఖ్య ఉదాహరణ కోసం అల్లినవి. అందులోని సంఘటనలు మాత్రం మన రాష్ట్రంలో నిజంగా జరిగినవే.

ప్రశ్న దగ్గరికి తిరిగి వెళ్లాలి

డెవలప్‌మెంట్ స్టడీస్ కోర్సులో 3,000 పదాల వ్యాసం. ప్రశ్న ఇది: ‘2010 నాటి ఆంధ్రప్రదేశ్ మైక్రోఫైనాన్స్ సంక్షోభానికి నియంత్రణ లోపం ఎంతవరకు కారణం?’

తెలుగు విద్యార్థి ఈ ప్రశ్న ఎంచుకోవడం సహజం. డ్వాక్రా సంఘాలు, వారం వారం కిస్తీలు, ఇంటి ముందుకొచ్చి కూర్చునే వసూలు ఏజెంట్లు, ఇవన్నీ అతనికి పుస్తకాల్లో చదివిన విషయాలు కావు. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. ఎంత ఎక్కువ తెలిస్తే అంత ఎక్కువ చెప్పాలనిపిస్తుంది.

ఫీడ్‌బ్యాక్ అందాక ముందు తెరవాల్సింది వ్యాసాన్ని కాదు, ప్రశ్నను. ప్రశ్న ‘సంక్షోభం గురించి రాయండి’ అనలేదు. ‘ఎంతవరకు’ అంది. అంటే జవాబు ఒక కొలతలా ఉండాలి: పూర్తిగానా, ప్రధానంగానా, కొంతవరకేనా, అసలు కాదా. ‘కారణం’ అంది. అంటే పోటీకి వచ్చే వేరే కారణాలను పక్కన నిలబెట్టి పోల్చాలి. ‘నియంత్రణ లోపం’ అంది. ఎవరి లోపం? రిజర్వు బ్యాంకుదా, రాష్ట్ర ప్రభుత్వానిదా? ఈ మూడింటినీ ఒక కాగితం మీద రాసుకుని, ఎగ్జామినర్ వ్యాఖ్యను పక్కన పెడితే ఆ వ్యాఖ్య అర్థం ఇట్టే విడిపోతుంది. ‘కారణాల్లో ఏది ఎంత బలమైనదో తేల్చలేదు’ అంటే ‘ఎంతవరకు’ అన్న మాటకు వ్యాసంలో జవాబు లేదన్నమాట.

ప్రతి మాడ్యూల్‌కూ ఒక మార్కింగ్ పట్టిక ఉంటుంది. 50ల గడిలో, 60ల గడిలో ఏం రాసి ఉందో పక్కపక్కన పెట్టి చదవాలి. రెంటి మధ్య ఏ మాటలు మారాయో వాటి కింద గీత గీయాలి. మారినవి సాధారణంగా వాదన, ఆధారాలను తూచడం, భిన్నాభిప్రాయాలను ఎదుర్కోవడం లాంటివే అయి ఉంటాయి. సమాచారం పరిమాణం గురించిన మాటలు పెద్దగా మారవు. ఇంకో పది పుస్తకాలు చదివి చేర్చితే మార్కు పెరుగుతుందన్న భ్రమ అక్కడే తొలగిపోతుంది.

ప్రతి పేరా పక్కన ఒక్క వాక్యం

ఇప్పుడు వ్యాసం తెరవాలి. ప్రతి పేరా చదివి, అది ఏం చెబుతోందో కాక, ప్రశ్నకు జవాబుగా ఏం పని చేస్తోందో పక్కన ఒక్క వాక్యంలో రాయాలి. మన ఉదాహరణ వ్యాసంలో 12 పేరాలున్నాయి. వరసగా చూస్తే ఇవీ.

మొదటిది మైక్రోఫైనాన్స్ అంటే ఏమిటో చెబుతుంది. రెండోది బంగ్లాదేశ్ గ్రామీణ్ బ్యాంకు గురించి: 1983లో అది పూర్తిస్థాయి బ్యాంకు కావడం, 2006లో మహమ్మద్ యూనస్‌తో కలిసి నోబెల్ శాంతి బహుమతి అందుకోవడం. మూడోది 1992లో నాబార్డు స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలపడం. నాలుగోది 2000లో మొదలైన వెలుగు పథకం. ఐదోది ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీల ఎదుగుదల. ఆరోది 2006లో కృష్ణా జిల్లాలో జరిగిన గొడవ. ఏడోది 2010 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఒక పెద్ద కంపెనీ స్టాక్ మార్కెట్లో లిస్ట్ కావడం. ఎనిమిదోది అప్పులు తీసుకున్నవాళ్ల అగచాట్లు. తొమ్మిదోది 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్స్. పదోది వసూళ్లు కుప్పకూలడం. పదకొండోది 2011 జనవరిలో మాలేగాం కమిటీ నివేదిక. పన్నెండోది ముగింపు: ‘కంపెనీలు, ప్రభుత్వం రెండూ బాధ్యులే, భవిష్యత్తులో జాగ్రత్తగా ఉండాలి.’

ఇలా పరిచి చూస్తే లోపం దానంతట అదే పైకి తేలుతుంది. పేరాల మధ్య ఉన్న సంబంధం ఒక్కటే: ‘ఆ తర్వాత’. ప్రశ్నలో ఉన్న ‘నియంత్రణ’ మాట మొదటిసారి కనిపించేది తొమ్మిదో పేరాలో. అప్పటికి వ్యాసంలో మూడు వంతుల్లో రెండు వంతులు అయిపోయింది. మొదటి ఐదు పేరాలకే 1,300 పదాలు ఖర్చయ్యాయి. ముగింపులోని తీర్పు ఏ పేరా చదవకుండా కూడా రాయగలిగేది.

దీని తర్వాత ఇంకొంచెం దగ్గరికి వెళ్లాలి. ప్రింటవుట్ మీద ప్రతి వాక్యం పక్కన మూడు గుర్తుల్లో ఒకటి వేయాలి. ‘జ’ అంటే జరిగింది చెప్పే వాక్యం. ‘కా’ అంటే కారణం చెప్పే వాక్యం. ‘తీ’ అంటే తీర్పు వాక్యం: ఈ ఆధారం బలమైనదా, ఈ వాదన నిలుస్తుందా, దీనివల్ల ప్రశ్నకు ఏం తేలింది అని చెప్పేది. మన వ్యాసంలో పేజీలకు పేజీలు ‘జ’ ఉంటాయి, అక్కడక్కడ ‘కా’, ‘తీ’ చివరి పేరాలో మాత్రమే. ‘జ’ ఉండటం తప్పేమీ కాదు. కోర్టు తీర్పులో కూడా ముందు కేసు పూర్వాపరాలు ఉంటాయి. అవి లేకుండా తీర్పు నిలవదు, వాటితోనే తీర్పు పూర్తి కాదు. ‘తీ’ ఒక్కటి కూడా లేని పేరా ఎక్కడుందో అదే మరమ్మతు చేయాల్సిన చోటు.

ముందు జవాబు ఒక్క వాక్యంలో

చాలామంది ఇక్కడ పొరపాటు పడతారు. పేరాలు సరిచేయడం మొదలుపెడతారు. జవాబు ఏమిటో తేల్చుకోకుండా పేరాలు సరిచేస్తే వర్ణన కాస్త మెరుగైన వర్ణన అవుతుంది, అంతే. తిరగరాతలో అసలు కష్టమైన పని ఇదే: సంక్షోభానికి నియంత్రణ లోపం ఎంతవరకు కారణమో ఒకటి రెండు వాక్యాల్లో రాయడం.

మన దగ్గరున్న సమాచారాన్నే తూచి చూద్దాం. నియంత్రణ లోపం అనే వాదన ఏమంటుంది? అప్పట్లో మైక్రోఫైనాన్స్ కంపెనీలకంటూ రిజర్వు బ్యాంకు దగ్గర ప్రత్యేక వర్గం లేదు. మామూలు ఫైనాన్స్ కంపెనీల కిందే చూసేవారు. ప్రత్యేక వర్గం, దానికి నిబంధనలు వచ్చింది సంక్షోభం తర్వాత, 2011 డిసెంబరులో. కాబట్టి ఖాళీ ఉన్న మాట నిజం.

ఇక్కడ ఒక చిన్న ప్రశ్న వేసుకోవాలి. ఆ ఖాళీ దేశమంతటికీ ఒకటే కదా? కర్ణాటక, తమిళనాడు, పశ్చిమ బెంగాల్‌లలో కూడా అవే నిబంధనలు, అదే లోపం. మరి కూలింది ఆంధ్రప్రదేశ్‌లోనే ఎందుకు? అన్నిచోట్లా సమానంగా ఉన్న కారణం, ఒక్కచోట మాత్రమే జరిగినదాన్ని ఒంటరిగా వివరించలేదు. నియంత్రణ లోపానికి మన రాష్ట్రంలో ఇంకేదో తోడై ఉండాలి.

తోడైనదేమిటో వెతకడానికి కొత్త పుస్తకాలు అక్కర్లేదు. పాత వ్యాసంలోని మూడు, నాలుగు, ఐదు పేరాల్లోనే అది పడి ఉంది. దేశంలో స్వయం సహాయక సంఘాలు అన్నింటికంటే దట్టంగా అల్లుకున్నది ఇక్కడ. పెద్ద ప్రైవేటు కంపెనీల్లో చాలా వాటికి అప్పట్లో కేంద్రం హైదరాబాద్. అంటే సంఘం అప్పు, కంపెనీ అప్పు ఒకే ఇంట్లో ఒకదాని మీద ఒకటి పేరుకునే వీలు ఇక్కడ ఎక్కువ. పాత వ్యాసంలో ఈ సంగతులు చరిత్రగా వచ్చి వెళ్లిపోయాయి. ఇప్పుడు అవే వాదనకు వెన్నెముక అవుతాయి.

అప్పుడు జవాబు ఇలా తయారవుతుంది: ‘రిజర్వు బ్యాంకు నియంత్రణలోని ఖాళీ సంక్షోభానికి అవకాశం ఇచ్చింది, కానీ అదొక్కటే దాన్ని వివరించదు. ఆ ఖాళీ ఆంధ్రప్రదేశ్‌లో ప్రమాదంగా మారింది ప్రభుత్వ సంఘాల రుణాలు, కంపెనీల రుణాలు ఒకే కుటుంబాలపై పేరుకోవడం వల్ల. ఆ ఇబ్బందిని ఒక్కసారిగా పతనంగా మార్చింది రాష్ట్రం తెచ్చిన ఆర్డినెన్స్.’

ఇందులో మూడు రకాల కారణాలు విడివిడిగా నిలబడ్డాయి: వీలు కల్పించింది ఒకటి, ఒత్తిడి పెంచింది ఒకటి, చివరకు ముట్టించింది ఒకటి. ‘ఎంతవరకు’ అనే ప్రశ్నకు కొలత దొరికింది. జవాబు సరైనదో కాదో పరీక్షించడానికి ఒక తేలిక మార్గం ఉంది. చదువుకున్న మనిషి ఎవరైనా దీన్ని కాదని వాదించగలరా? వాదించగలిగితే అది వాదనే. ‘రెండూ బాధ్యులే, జాగ్రత్తగా ఉండాలి’ అన్నదాన్ని ఎవరూ కాదనరు. అందుకే అది ముగింపు కాలేకపోయింది.

పేరాల జాబితాను పనుల జాబితాగా

ఇప్పుడు ప్రణాళిక రాయవచ్చు. ‘విశ్లేషణ పెంచాలి’ అని రాసుకుంటే పని మొదలవదు. ప్రతి పేరాకూ నాలుగు పనుల్లో ఒకటి కేటాయించాలి: తీసెయ్యాలి, కుదించాలి, చోటు మార్చాలి, మళ్లీ రాయాలి.

మన వ్యాసానికి అది ఇలా ఉంటుంది. రెండో పేరా, గ్రామీణ్ బ్యాంకు కథ, పూర్తిగా తీసెయ్యాలి. అది లేకపోతే ప్రశ్నకు జవాబులో ఏమీ తగ్గదు. మొదటిదాన్ని నేరుగా జవాబుతో మొదలయ్యేలా మళ్లీ రాయాలి. మూడు, నాలుగు, ఐదు పేరాలను 350 పదాల ఒకే నేపథ్యంగా కుదించి, అందులోంచి సంఘాల సాంద్రత గురించిన భాగాన్ని ‘ఆంధ్రప్రదేశ్‌లోనే ఎందుకు’ అన్న భాగానికి మార్చాలి. ఆరో పేరాను, పదకొండో పేరాను ఒకే చోటికి తెచ్చి నియంత్రణ వాదనకు ఆధారాలుగా నిలపాలి. తొమ్మిది, పది పేరాలను కలిపి ఆర్డినెన్స్ పాత్ర మీద ఒకే వాదనగా మళ్లీ రాయాలి.

పక్కనే పదాల లెక్క వేసుకోవాలి. ప్రవేశం, అందులోనే జవాబు: 250. నేపథ్యం: 350. నియంత్రణలోని ఖాళీ: 600. ఆంధ్రప్రదేశ్‌లోనే ఎందుకు: 700. పెట్టుబడిదారుల నుంచి వచ్చిన ఎదుగుదల ఒత్తిడి: 450. ఆర్డినెన్స్: 400. ముగింపు: 250. మొత్తం 3,000. ముందు 1,300 పదాలు తిన్న నేపథ్యం ఇప్పుడు 350కి దిగింది. విశ్లేషణకు చోటు దొరకలేదన్న మాటకు ఇక తావు లేదు. అన్నిటికంటే పెద్ద వాటా 700 పదాలు, జవాబులో అన్నిటికంటే కొత్తగా ఉన్న భాగానికి వెళ్లింది. పదాల వాటా చూస్తేనే వాదన బరువు ఎక్కడుందో తెలియాలి.

ఒక పేరా, ముందూ తర్వాతా

ఆరో పేరా మొదట ఇలా ఉందనుకుందాం:

‘2006 మార్చిలో కృష్ణా జిల్లాలో అధికారులు మైక్రోఫైనాన్స్ కంపెనీల శాఖలు సుమారు 50 మూసివేశారు. కంపెనీలు అధిక వడ్డీ తీసుకుంటున్నాయని, బలవంతంగా వసూలు చేస్తున్నాయని ఆరోపణలు వచ్చాయి. తర్వాత కంపెనీలు స్వచ్ఛందంగా ఒక ప్రవర్తనా నియమావళికి ఒప్పుకున్నాయి. నాలుగేళ్ల తర్వాత 2010లో మళ్లీ సంక్షోభం వచ్చింది.’

ఇందులో తప్పు సమాచారం లేదు. నాలుగు వాక్యాలకూ ‘జ’ గుర్తే పడుతుంది. ఇవే సంగతులతో మళ్లీ రాస్తే:

‘నియంత్రణ లోపం వాదనకు గట్టి ఆధారం 2010లో కాదు, 2006లో ఉంది. ఆ ఏడాది కృష్ణా జిల్లాలో సుమారు 50 శాఖలు మూతపడ్డప్పుడు వచ్చిన ఆరోపణలు, అధిక వడ్డీ, బలవంతపు వసూళ్లు, 2010లో వచ్చినవే. అంటే ప్రమాదం ఏమిటో నాలుగేళ్ల ముందే తెలుసు. అయినా దానికి దొరికిన పరిష్కారం కంపెనీలు తమంతట తాము ఒప్పుకున్న నియమావళి. ఉల్లంఘిస్తే శిక్ష వేసే అధికారం ఎవరికీ లేదు. అయితే ఈ ఆధారం నియంత్రణ వాదనను ఒక మేరకే బలపరుస్తుంది. లోపం దేశమంతా ఉన్నా మొదటి హెచ్చరిక కూడా ఈ రాష్ట్రంలోనే ఎందుకు వచ్చిందో అది చెప్పదు.’

సంఘటన మారలేదు, అంకె మారలేదు. మారినవి మూడు. మొదటి వాక్యం తేదీతో కాక ఒక వాదనతో మొదలైంది. మధ్యలో సంఘటనల నుంచి ‘ప్రమాదం ముందే తెలుసు’ అన్న నిర్ధారణ తీశారు. చివర ఆ ఆధారం ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పి, తర్వాతి భాగానికి దారి వేశారు. పేరా పొడవు పెరిగింది. ఆ పెరుగుదలకు కావలసిన పదాలు గ్రామీణ్ బ్యాంకు కథ తీసేసినప్పుడు మిగిలినవే.

అయితే పదునైన పాఠకుడు ఇక్కడ ఒక అభ్యంతరం లేవనెత్తుతాడు: 2009లో కర్ణాటకలోని కోలార్‌లో కూడా అప్పులు కట్టడం మానేసిన ఉదంతం ఉంది కదా, అప్పుడు ‘ఈ రాష్ట్రంలోనే’ అన్న మాట నిలుస్తుందా? దాన్ని దాచిపెడితే వాదన బలహీనపడుతుంది. ‘కోలార్‌లోనూ ఎగవేతలు వచ్చాయి, కానీ అవి ఆ ప్రాంతానికే పరిమితమయ్యాయి; రాష్ట్రమంతటా వసూళ్లు ఆగిపోయింది ఆంధ్రప్రదేశ్‌లోనే’ అని ఒక వాక్యం రాస్తే వాదన మరింత కచ్చితమవుతుంది. ఎగ్జామినర్లు ‘భిన్నాభిప్రాయాలను ఎదుర్కోవడం’ అనేది ఇలాంటి వాక్యాలనే.

అధ్యయనాలను వరసగా పేర్చడమూ వర్ణనే

‘విమర్శనాత్మకంగా లేదు’ అని చదవగానే చాలామంది మరిన్ని రిఫరెన్సులు చేరుస్తారు. ‘శ్రీరామ్ ఇలా అన్నారు. టేలర్ ఇలా అన్నారు. కమిటీ ఇలా అంది.’ ఇక్కడ సంఘటనల వరస పోయి మనుషుల వరస వచ్చిందంతే. అదీ వర్ణనే.

ఎం.ఎస్. శ్రీరామ్ 2010లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం అప్పు ఇచ్చేవాళ్ల వైపు చూస్తుంది. ఈ రంగం లాభాల వ్యాపారంగా ఎలా మారిందో పరిశీలిస్తుంది. మార్కస్ టేలర్ 2012లో జర్నల్ ఆఫ్ అగ్రేరియన్ చేంజ్‌లో రాసిన వ్యాసం అప్పు తీసుకునేవాళ్ల వైపు నుంచి, గ్రామీణ సంక్షోభంలో అప్పు పాత్ర నుంచి చూస్తుంది. వీళ్లిద్దరిలో ఎవరు సరి అని అడగడం కన్నా, ఇద్దరూ ఒకేసారి సరి కావచ్చా అని అడిగితే ఎక్కువ తేలుతుంది. ఒకరు అప్పు ఎందుకంత వేగంగా వచ్చిందో చెబుతున్నారు, మరొకరు అది ఎందుకంత అవసరమైందో చెబుతున్నారు. అప్పుడు ప్రశ్న మారుతుంది: గట్టి నియంత్రణ ఉంటే మొదటిది ఆగేదేమో, రెండోది ఆగేదా? ఈ ఒక్క ప్రశ్నతో రెండు రిఫరెన్సులు వాదనలోకి వచ్చేశాయి.

అంకెల విషయంలోనూ ఇంతే. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ కుటుంబాల మీద 2009లో సెంటర్ ఫర్ మైక్రోఫైనాన్స్ చేసిన సర్వేలో కంపెనీల అప్పు ఉన్న కుటుంబాలు 11 శాతం. వడ్డీ వ్యాపారులు, బంధువులు, స్నేహితుల వంటి అనధికార అప్పులు ఉన్నవి 82 శాతం. ఈ అంకెలను ఊరికే రాస్తే ‘జ’. ‘కంపెనీల అప్పు ఉన్నవాళ్లు తక్కువమందే కాబట్టి గ్రామీణ రుణభారం మొత్తాన్నీ వాటి నియంత్రణ లోపానికి అంటగట్టలేం’ అంటే ‘తీ’. ఇంకో అడుగు వేసి, ‘అయితే ఈ సర్వే పల్లెలకే పరిమితం, ఎన్ని కుటుంబాలకు అప్పుందో చెబుతుంది గానీ, ఏ అప్పు మీద ఎంత ఒత్తిడి ఉందో చెప్పదు’ అని పరిమితి కూడా చూపిస్తే ఆధారాన్ని తూచినట్టు.

ఆర్డినెన్స్ దగ్గర తిరిగే మలుపు

తొమ్మిదో పేరా మొదట ఆర్డినెన్స్ నిబంధనల జాబితా: కంపెనీలు జిల్లా అధికారుల దగ్గర నమోదు కావాలి, అప్పు తీసుకున్నవాళ్ల ఇంటి దగ్గర వసూలు చేయకూడదు, వారం కిస్తీ బదులు నెల కిస్తీ, వడ్డీ అసలును మించకూడదు. పదో పేరాలో వసూళ్లు పడిపోయాయి. రెండు పేరాల మధ్య ఉన్నది ‘ఆ తర్వాత’ మాత్రమే.

ఆ ‘ఆ తర్వాత’లో వ్యాసంలోకెల్లా పదునైన ప్రశ్న దాగుంది. వసూళ్లు కుప్పకూలింది నియంత్రణ లేనప్పుడు కాదు, నియంత్రణ వచ్చాక. కంపెనీలు ఈ సంగతి చూపించి తప్పంతా ప్రభుత్వానిదేనని వాదించాయి. అలాగని నియంత్రణ లోపం వాదన కూలిపోయినట్టా? కానక్కర్లేదు. రిజర్వు బ్యాంకు ముందే, దేశమంతటికీ, నెమ్మదిగా చేయాల్సిన పని చేయకపోవడం వల్ల రాష్ట్రం ఆలస్యంగా, ఒక్క దెబ్బతో చేయాల్సి వచ్చిందని అనవచ్చు. నిబంధనల్లో ఏది వసూళ్లను ఎక్కువగా దెబ్బతీసింది అన్నది కూడా అడగాలి. వారం వారం ఇంటి దగ్గర జరిగే వసూలు మీదే ఈ వ్యాపారం నిలబడింది. ఆ రెండూ ఒకేసారి ఆగిపోయాయి. నిబంధనల జాబితాలో ఈ రెండింటిని మాత్రమే ఉంచి, మిగతావి ఒక వాక్యానికి కుదించినా నష్టం లేదు. 400 పదాల్లో ఇది సరిపోతుంది.

దారి తప్పిందని ఎలా తెలుస్తుంది?

తిరగరాత పూర్తయ్యాక వ్యాసం మొత్తం చదవకుండా, ప్రతి పేరా మొదటి వాక్యం మాత్రమే వరసగా వేరే కాగితం మీద రాయాలి. అవి ఒకదాని తర్వాత ఒకటి చదివితే వాదన అర్థం కావాలి. ‘2006లో...’, ‘2010లో...’ అని మొదలైతే పాత వ్యాసమే వేషం మార్చుకుందన్నమాట.

మూడు రకాల దొంగ మరమ్మతులను కనిపెట్టాలి. ఒకటి, ‘విమర్శనాత్మకంగా చూస్తే’, ‘గమనార్హమైన విషయమేమిటంటే’ లాంటి మాటలు వాక్యాల ముందు తగిలించడం. ఆ మాటలు కొట్టేసి చూడండి. కింద ఉన్న వాక్యం ‘జ’ అయితే ఏమీ మారలేదు. రెండు, వర్ణనంతా అలాగే ఉంచి చివర ‘విమర్శ’ అని ఒక పేరా అతికించడం. తీర్పు ప్రతి పేరాలో ఆధారం పక్కనే ఉండాలి, చివర్లో కుప్పగా కాదు. మూడు, ప్రతి రచయితనూ ఏదో ఒక లోపం పట్టుకుని తిట్టడం. ఆధారం బలంగా ఉన్నచోట బలంగా ఉందని చెప్పడం కూడా తీర్పే.

ఈ పద్ధతికి రెండు హద్దులున్నాయి. జవాబు వాక్యం ఎంత ప్రయత్నించినా తట్టకపోతే, లోపం రాతలో లేదు, చదువులో ఉంది. ఒకరితో ఒకరు విభేదించే రెండు వ్యాసాలైనా చదవకుండా తూచడానికి ఏమీ ఉండదు. రెండోది, పాసైన వ్యాసాన్ని మళ్లీ సమర్పించే వీలు చాలా యూనివర్సిటీల్లో ఉండదు. ఫెయిలైతే సాధారణంగా ఒకసారి అవకాశం ఇస్తారు, అప్పుడు ఎంత బాగా రాసినా చాలాచోట్ల పాస్ మార్కు దగ్గరే ఆపుతారు. కాబట్టి 54 వచ్చిన విద్యార్థి ఈ ప్రణాళికను అసలు వాడాల్సింది తర్వాతి వ్యాసానికి, ఆపైన డిసర్టేషన్‌కు: జవాబు వాక్యం, పదాల లెక్క, పేరాల మొదటి వాక్యాలు, ఈ మూడూ రాయడం మొదలుపెట్టకముందే సిద్ధం కావాలి.

ట్యూటర్‌ను కలిసే సమయం దొరికితే వ్యాసం పట్టుకుని వెళ్లి ‘ఎక్కడ తప్పు చేశాను?’ అని అడిగితే పాత వ్యాఖ్యే మళ్లీ వినిపిస్తుంది. జవాబు వాక్యం, పేరాల మొదటి వాక్యాలు ఉన్న ఒక్క పేజీ తీసుకెళ్లండి. ‘నా వాదన ఇది. 2006 ఆధారం దీన్ని ఇంతవరకే మోస్తుందని అనుకుంటున్నాను. వాదన ఎక్కడ తెగిపోతుందో చెప్పగలరా?’ అని అడగండి. పది నిమిషాల్లో ఆయన ఆ పేజీ మీద వేలు పెట్టి చూపించే చోటే తర్వాతి తిరగరాత మొదలుపెట్టాల్సిన చోటు.